ఆరో గంటలో ఆగిపోయిన గోపురం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మొన్న ఆ కార్తెలో విజయవాడలోని మా మేడ మీది గదిలో రోలు పగల్లేదు గానీ, గోపురం ఆగిపోయింది. త్రీడీ ప్రింటర్‌లో అచ్చవుతున్న చిన్న గాలిగోపురం అది. ఎత్తు 16 సెంటీమీటర్లు, పని మొత్తం 6 గంటల 40 నిమిషాలు. పొద్దున 9 గంటలకు మొదలుపెట్టాను. మధ్యాహ్నం 3 దాటాక వెళ్లి చూస్తే నాజిల్ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది, దాని నుంచి మాత్రం ఏమీ రావడం లేదు. గోపురం పన్నెండున్నర సెంటీమీటర్ల దగ్గర మొండిగా మిగిలింది. పైన చివరి నాలుగైదు పొరలు సన్నబడి, జల్లెడలా చిల్లులు పడి ఉన్నాయి. ప్రింటర్ లోంచి టక్, టక్ అని చప్పుడు.

నాజిల్‌లో ఏదో ఇరుక్కుంది అనుకుని శుభ్రం చేశాను. మర్నాడు మళ్లీ పొద్దున్నే మొదలుపెట్టాను. మళ్లీ ఆరో గంటలోనే, దాదాపు అదే ఎత్తులో ఆగింది. నాజిల్‌లో చెత్త ఉంటే మొదటి గంటలోనే తెలియాలి. ఐదున్నర గంటలు నిక్షేపంగా నడిచింది ఆరో గంటలో ఎందుకు మొరాయించాలి?

జంతికల గొట్టంలో మెత్తబడిన పిడి

ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ముందు జంతికల గొట్టం గుర్తు చేసుకోవాలి. అందులో పిండి ఉంటుంది, పైనుంచి పిడి పట్టుకుని నొక్కుతాం, కింద బిళ్ల చిల్లుల్లోంచి పిండి దిగుతుంది. త్రీడీ ప్రింటర్‌లో పిండి స్థానంలో కరిగిన ప్లాస్టిక్ ఉంటుంది. నాజిల్ చిల్లు వెడల్పు మామూలుగా 0.4 మిల్లీమీటరు. తేడా ఏమిటంటే ఇక్కడ పిడి వేరేగా లేదు. చుట్టలోంచి వచ్చే 1.75 మిల్లీమీటర్ల మందమున్న ప్లాస్టిక్ తీగనే ఫిలమెంట్ అంటారు. దాని కింది కొస కరిగి పిండి అవుతుంది. కరగని పై భాగమే పిడిగా మారి, కరిగిన దాన్ని కిందికి తోస్తుంది. పైన ఒక పళ్ల చక్రం ఫిలమెంట్‌ను పట్టి నెడుతూ ఉంటుంది.

అంటే ఫిలమెంట్ కొస మెత్తగానూ, దానికి కాస్త పైన గట్టిగానూ ఉండాలి. ఈ రెండింటి మధ్య దూరం చాలా తక్కువ. కింద అల్యూమినియం దిమ్మె 200 డిగ్రీల దగ్గర కాగుతుంటుంది, దాన్ని హాట్ ఎండ్ అంటారు. దాని పైన కొద్ది మిల్లీమీటర్ల ఎడంలోనే రెక్కలున్న అల్యూమినియం కడ్డీ ఉంటుంది, అది హీట్ సింక్. దాని ఎదురుగా బిగించిన బుల్లి ఫ్యాన్ ఆ రెక్కల మీదికి ఎడతెగకుండా గాలి ఊదుతుంది. ఈ చల్లని భాగాన్ని కోల్డ్ ఎండ్ అంటారు. రెండింటినీ కలిపేది హీట్ బ్రేక్ అనే సన్నని స్టీలు గొట్టం. దాని మెడ దగ్గర గోడ అర మిల్లీమీటరు కూడా ఉండదు.

మెడను అంత సన్నగా, అదీ స్టీలుతో చేయడానికి కారణం వంటింట్లో కనిపిస్తుంది. కాగుతున్న పులుసులో స్టీలు గరిటె వదిలేస్తే దాని కాడను కాసేపటి దాకా పట్టుకోగలం. సత్తు గరిటె అయితే తొందరగానే చురుక్కుమంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు వేడిని మోయడంలో అల్యూమినియం కన్నా పది రెట్లకు పైగా బద్ధకస్తురాలు. అయినా వేడి అసలు పైకి ఎక్కకుండా ఉండదు. మెడ కొలతలు తీసుకుని లెక్క వేస్తే ఎంత సన్నటి మెడ నుంచైనా సుమారు 3, 4 వాట్ల వేడి ఎడతెగకుండా పైకి ఎగబాకుతూనే ఉంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు గాలికి అప్పజెప్పడం హీట్ సింక్ పని.

అది ఆ పని సరిగా చేయలేకపోతే వేడి ఫిలమెంట్ గట్టిగా ఉండాల్సిన చోటికి పాకుతుంది. దీన్నే హీట్ క్రీప్ అంటారు. ఇళ్లలో ఎక్కువగా వాడే ప్లాస్టిక్ పీఎల్ఏ. దాన్ని అచ్చు వేయడానికి 190 నుంచి 220 డిగ్రీలు కావాలి గానీ, అది మెత్తబడటానికి 55, 60 డిగ్రీలు చాలు. మెత్తబడిన తీగను పైనుంచి చక్రం తోస్తుంటే అది కిందికి దిగే బదులు పక్కలకు ఉబ్బుతుంది. ఫిలమెంట్‌కూ గొట్టం గోడకూ మధ్య ఉన్న వెంట్రుకవాసి సందు నిండిపోతుంది, గోడకు అంటుకుంటుంది. జంతికల గొట్టంలో పిండి బాగానే ఉంది, పిడే మెత్తబడిపోయింది. ఇక ఎంత నొక్కితే ఏం దిగుతుంది? చక్రం పళ్లు ఫిలమెంట్‌ను ఒకే చోట కొరుకుతూ జారిపోతాయి. నాకు వినిపించిన టక్, టక్ అదే.

ఆగిపోయిన ఫిలమెంట్‌ను నాజిల్ వేడి చేసి వెనక్కి లాగి చూస్తే రుజువు దొరికింది. కొసకు ఒక సెంటీమీటరు పైన చిన్న ఉబ్బు ఉంది. కొలిస్తే సరిగ్గా 2 మిల్లీమీటర్లు, అంటే గొట్టం లోపలి వెడల్పంత. నాజిల్‌లో చెత్త అడ్డుపడితే ఫిలమెంట్ పై భాగం ఇలా ఉబ్బదు. చుట్ట చిక్కుపడి ఆగితే ఫిలమెంట్ పైన బిగుసుకుని ఉంటుంది, కింద కొస మామూలుగానే ఉంటుంది. ఉబ్బు పైన కనిపించిందంటే జబ్బు కోల్డ్ ఎండ్‌లో ఉన్నట్టే.

హీట్ సింక్ ఆరు గంటలు నిండదు

జబ్బు పేరు తెలిసింది గానీ, ఆరో గంట చిక్కు విడలేదు. హీట్ సింక్‌లో వేడి కుండలో నీళ్లలా మెల్లగా నిండుతూ వచ్చి ఆరో గంటకు పొర్లింది కాబోలు అనుకున్నాను. లెక్క అందుకు ఒప్పుకోలేదు. ఆ అల్యూమినియం ముక్క బరువు పాతిక గ్రాములు కూడా ఉండదు. ఫ్యాన్ తిరుగుతుంటే అది నాలుగైదు నిమిషాల్లోనే ఒక వేడి దగ్గర స్థిరపడిపోతుంది. ఆ తర్వాత వచ్చిన వేడంతా గాలిలోకి పోతూనే ఉంటుంది. అలాంటిది ఆరు గంటల పాటు ఏం మారుతోంది?

ఈ గొడవంతా కింది వాటాలో ఉండే బాబాయ్‌తో చెప్పాను. ఆయన ఏసీలు బాగు చేస్తారు. పైకి వచ్చి ప్రింటర్ చుట్టూ నేను కట్టిన చెక్క పెట్టె చూశారు. దుమ్ము పడకుండా, గాలి తగలకుండా యాక్రిలిక్ తలుపు పెట్టి మరీ చేయించుకున్న పెట్టె అది.

“దీని లోపల గాలి ఎంత వేడిగా ఉందో ఎప్పుడైనా చూశావట్రా?”

“గాలా? ఫ్యాన్ తిరుగుతూనే ఉంది కదా బాబాయ్.”

“ఫ్యాన్ ఏం చేస్తుందిరా, ఉన్న గాలినే కొడుతుంది. ఎండాకాలం సీలింగు ఫ్యాను కింద పడుకుంటే చల్లగాలి వస్తోందా నీకు?”

ఏసీ పనికి వాడే రెండు తీగల థర్మామీటరు నాకు ఇచ్చి వెళ్లారు. ఒక తీగను హీట్ సింక్ కింది రెక్కకు వేడికి తట్టుకునే టేపుతో అంటించాను. రెండోది పెట్టె లోపల గాలిలో వేలాడదీశాను. మళ్లీ అదే గోపురం మొదలుపెట్టి అంకెలు రాసుకుంటూ కూర్చున్నాను.

పొద్దున మొదలైన కాసేపటికి పెట్టెలో గాలి 33 డిగ్రీలు, రెక్క 47. పన్నెండింటికి గాలి 42, రెక్క 56. మూడింటికి గాలి 50, రెక్క 64.

ఆ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి తెలిసిపోయింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రెక్కకూ గాలికీ మధ్య తేడా 14 డిగ్రీలే. హీట్ సింక్ ఎప్పుడూ అలసిపోలేదు. మొదటి గంటలో ఎంత పని చేసిందో ఆరో గంటలోనూ అంతే చేసింది. మారింది దానికి అందిన గాలి. ఎండకు మేడ మీది స్లాబు కాగి గది 41కి చేరింది. మూసిన పెట్టెలో 60 డిగ్రీల ప్రింటు పళ్లెం, వేడి దిమ్మె, మోటార్లు కలిసి ఇంకో తొమ్మిది డిగ్రీలు పెంచాయి. గాలి 50 దగ్గరుంటే రెక్క 64 దగ్గరుండక తప్పదు. పీఎల్ఏ గట్టిగా ఉండగలిగే హద్దు దాటేసింది.

హీట్ సింక్ చల్లదనాన్ని పుట్టించదు, తనకు వచ్చిన వేడిని గాలికి అందిస్తుందంతే. అందుకే అది ఎప్పుడూ గాలి కన్నా కొన్ని డిగ్రీలు పైనే ఉంటుంది. మంచి ఫ్యాన్ ఆ తేడాను తగ్గించగలదు, తుడిచేయలేదు. ఫ్యాన్ అసలు ఆగిపోతే ఆ తేడా 14 నుంచి 60, 70 డిగ్రీలకు పోతుంది. అప్పుడు జామ్ అవడానికి ఆరు గంటలు అక్కర్లేదు, కొద్ది నిమిషాలు చాలు. కాబట్టి జామ్ ఎప్పుడైందన్నది కూడా ఒక ఆనవాలే. మొదలుపెట్టిన పావుగంటలో ఆగితే ఫ్యాన్‌ను అనుమానించాలి, గంటల తర్వాత ఆగితే గాలిని.

కలశాల దగ్గర నెమ్మదించిన ప్రయాణం

గాలి ఒక్కటే నేరస్థురాలని కూడా అనలేం. రెండుసార్లూ ఒకే ఎత్తులో ఆగడానికి గోపురం ఆకారం కూడా కారణమే. కిందికి దిగే ఫిలమెంట్ తనంతట తాను ఒక చల్లని మేకు. పైకి ఎక్కుతున్న వేడిని అది వెనక్కి కిందికి మోసుకుపోతూ ఉంటుంది. ఎంత వేగంగా దిగితే అంత మంచిది. గోపురం అడుగున నాజిల్ సెకనుకు 50 మిల్లీమీటర్ల వేగంతో గీస్తుంటే, ఫిలమెంట్ సెకనుకు దాదాపు 2 మిల్లీమీటర్లు దిగుతుంది. పైకి వెళ్లేకొద్దీ గోపురం సన్నబడుతుంది. కింది పొర ఆరకముందే పై పొర పడితే ఆకారం కుంగిపోతుంది కనుక, ప్రింటరు తనే వేగాన్ని 20కి తగ్గించుకుంటుంది. అప్పుడు ఫిలమెంట్ దిగేది సెకనుకు ముప్పావు మిల్లీమీటరే. అంటే వేడి మెడ దగ్గర అది రెండున్నర రెట్లు ఎక్కువసేపు నిలబడుతోంది. అదీ సరిగ్గా గాలి అన్నిటికన్నా వేడిగా ఉన్న మూడింటి వేళ.

దానికి తోడు శిఖరం మీద కలశాలు, చుట్టూ చిన్న చిన్న బొమ్మలు. ఒక కలశం నుంచి ఇంకో కలశానికి నాజిల్ దూకేటప్పుడు మధ్యలో ప్లాస్టిక్ కారకుండా ఫిలమెంట్‌ను కాస్త వెనక్కి లాగుతారు. దీన్ని రిట్రాక్షన్ అంటారు. నా ప్రింటర్‌లో అది 5 మిల్లీమీటర్లు. హీట్ బ్రేక్ మెడ పొడవే 2 మిల్లీమీటర్లు. అంటే దూకిన ప్రతిసారీ కరిగిన కొస మెడ దాటి చల్లని గొట్టంలోకి వచ్చి, అక్కడ గోడకు కాస్త వేడీ, కాస్త జిగురూ అంటించి మళ్లీ దిగుతోంది. పొరకు అలా పదిసార్లు. అడుగున ఉన్న గోడలకు ఈ అవస్థ లేదు.

ఒకసారి అంటుకోవడం మొదలయ్యాక మిగతాది తనంతట తానే జరిగిపోతుంది. అంటుకుంటే ఫిలమెంట్ నెమ్మదిస్తుంది. నెమ్మదిస్తే ఎక్కువసేపు వేడెక్కుతుంది. వేడెక్కితే ఇంకా ఉబ్బి ఇంకా అంటుకుంటుంది. గోపురం మీద సన్నబడిన ఆ చివరి నాలుగైదు పొరలు ఈ గొలుసు గుర్తులు. గట్టిగా ఆగిపోయే ముందు ప్రింటరు ఇచ్చే హెచ్చరిక అదొక్కటే.

పెట్టె ఎవరి కోసం?

నేను పెట్టె కట్టించడం వెనక ఒక పొరపాటు ఆలోచన ఉంది. మూసిన పెట్టెలో ప్రింటు బాగా వస్తుందని విన్నాను. అది ఏబీఎస్ అనే ప్లాస్టిక్ విషయంలో నిజం. ఏబీఎస్‌కు చల్లగాలి తగిలితే అంచులు వంగి పైకి లేస్తాయి, అందుకే దానికి వెచ్చని పెట్టె కావాలి. ఏబీఎస్ మెత్తబడేది 105 డిగ్రీల దగ్గర. రెక్క 64 దగ్గరున్నా దానికి లెక్కే కాదు. పీఈటీజీ అనే ఇంకో ప్లాస్టిక్ 80 వరకు ఓర్చుకుంటుంది. పీఎల్ఏకు ఆ ఓపిక లేదు. ఒకే యంత్రం, ఒకే పెట్టె, ఒకే మధ్యాహ్నం అయినా ఏబీఎస్ గోపురం పూర్తయ్యేది, పీఎల్ఏది ఆగుతుంది.

యంత్రం తరాన్ని బట్టి కూడా ఈ జబ్బు మారుతుంది. ఇంట్లో పెట్టుకునే ఈ తరహా ప్రింటర్లకు మూలం, ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయంలో ఆడ్రియన్ బోయర్ 2005లో మొదలుపెట్టిన రెప్‌రాప్ అనే పథకం. తొలినాళ్ల హాట్ ఎండ్‌లలో వేడిని ఆపడానికి ప్లాస్టిక్ దిమ్మెలు వాడి, లోపల నాన్‌స్టిక్ పెనం మీద పూత పూసే పదార్థంతోనే చేసిన గొట్టం పెట్టేవారు. ఫిలమెంట్ మెత్తబడినా ఆ జారుడు గోడకు తొందరగా అంటుకోదు. కానీ 240 డిగ్రీలు దాటితే ఆ గొట్టమే పాడవడం మొదలుపెడుతుంది. ఎక్కువ వేడి కావాల్సిన ప్లాస్టిక్‌ల కోసం పూర్తిగా లోహంతో చేసిన హాట్ ఎండ్‌లు వచ్చాయి. వాటిలో వేడికి భయం లేదు గానీ, గోడ స్టీలుది కనుక జారుడు తగ్గింది. అందుకే వాటికి ఫ్యాన్, హీట్ సింక్ ప్రాణాధారాలయ్యాయి. నా దానిలో ఉన్నదీ అదే రకం.

ఒక్కొక్కటిగా సరిచేస్తే

మొదట పెట్టె తలుపు, పై మూత తీసేశాను. మధ్యాహ్నం మూడింటికి కూడా ప్రింటర్ చుట్టూ గాలి 42 దాటలేదు, రెక్క 56 దగ్గర ఆగింది. ఆ రోజు గోపురం ఆరో గంట దాటింది. కానీ కలశాల దగ్గర మళ్లీ టక్, టక్ వినపడింది, రెండు కలశాలు చిల్లులు పడ్డాయి. హద్దుకు మరీ దగ్గరగా ఉన్నామన్నమాట.

తర్వాత ఫ్యాన్ విప్పాను. రెక్కల మధ్య దుమ్మూ, ప్లాస్టిక్ నూగూ పేరుకుని గాలి దారిని సగం మూసేశాయి. పళ్లు తోమే బ్రష్‌తో దులిపి పెడితే 14 డిగ్రీల తేడా 11కి దిగింది. ఇక్కడ జాగ్రత్త ఒకటుంది. ప్రింటర్ తలలో సాధారణంగా రెండు ఫ్యాన్‌లుంటాయి. ఒకటి అచ్చయిన పొరను ఆరబెట్టేది, దాని వేగం మారుతుంటుంది, మొదటి పొరకు ఆగి ఉంటుంది. రెండోది హీట్ సింక్‌ది, నాజిల్ వేడిగా ఉన్నంతసేపూ పూర్తి వేగంతో తిరగాలి. బాగు చేసేటప్పుడు వీటి తీగలు తారుమారైతే ఏ ప్రింటూ నిలవదు. చప్పుడు తగ్గుతుందని నెమ్మదిగా తిరిగే ఫ్యాన్ బిగించినా ఇదే గతి. అలాగని మరీ పెద్ద ఫ్యాన్ పెట్టి, దాని గాలి కింది వేడి దిమ్మెకు తగిలేలా చేస్తే నాజిల్ వేడి నిలవక ఇంకో తంటా.

మూడోది రిట్రాక్షన్. 5 మిల్లీమీటర్లను 2కి తగ్గించాను. కలశాల మధ్య సాలెగూడు దారాల్లాంటి ప్లాస్టిక్ పోగులు కొన్ని సాగాయి, వాటిని తర్వాత చాకుతో గీకేశాను. నాజిల్ వేడిని కూడా 210 నుంచి 200కి దించాను. ఇక శిఖరం దగ్గర వేగం పడిపోకుండా ఒక ఉపాయం చేశాను. ఒక గోపురానికి బదులు రెండు పక్కపక్కన పెట్టాను. నాజిల్ రెండోదాన్ని గీసేలోపు మొదటిది ఆరుతుంది కనుక ప్రింటరుకు అంతగా నెమ్మదించాల్సిన పని ఉండదు, ఫిలమెంట్ దిగుతూనే ఉంటుంది. ఒకటి అడిగితే ఆగిన యంత్రం, రెండు అడిగితే ఇచ్చింది.

ఇవి చాలని వాళ్లు హీట్ బ్రేక్‌నే మార్చుకోవచ్చు. మెడ స్టీలుతో, పై భాగం రాగితో చేసిన జోడు లోహాల రకం దొరుకుతుంది. సన్నటి స్టీలు మెడ వేడిని కిందే ఆపుతుంది, దాన్ని దాటి వచ్చిన కాస్త వేడినీ రాగి క్షణంలో రెక్కలకు చేరవేస్తుంది. పాతదాన్నే ఉంచుకునేవాళ్లు హీట్ సింక్‌లోకి దూరే మరలకు, కంప్యూటర్లలో వాడే థర్మల్ పేస్టు పలచగా రాస్తే అక్కడ వేడికి దారి బాగుంటుంది. దిమ్మె వైపు మరలకు మాత్రం రాయకూడదు.

మన దగ్గర మరచిపోకూడనిది కరెంటు కోత. కరెంటు పోతే నాజిల్ హీటరుతో పాటు ఫ్యాన్ కూడా ఆగుతుంది. దిమ్మెలో మిగిలిన 200 డిగ్రీల వేడి అక్కడే చల్లారదు, గాలి ఊదేవాడు లేని హీట్ సింక్‌లోకి పాకుతుంది. ఫిలమెంట్ అక్కడ మెత్తబడి, తర్వాత ఉబ్బుతోనే గట్టిపడుతుంది. కరెంటు వచ్చాక ప్రింటర్ ఆగిన చోటు నుంచి మొదలుపెట్టబోయినా అది ముందుకు కదలదు. అందుకే పని పూర్తయిన వెంటనే స్విచ్ కట్టేయకూడదు. నాజిల్ 50 డిగ్రీల కిందికి దిగి, ఫ్యాన్ తనంతట తాను ఆగేదాకా ఉండాలి.

ఈ రెండు గోపురాలూ ఇప్పుడు బాబాయ్ వాళ్ల హాల్లో ఉన్నాయి. థర్మామీటరు మాత్రం తిరిగి ఇవ్వలేదు. పీఎల్ఏతో పొడుగాటి పని పెట్టబోయే ముందు, మధ్యాహ్నం మూడింటికి గదిలో గాలి ఎంత ఉండబోతోందో అంచనా వేస్తాను. దానికి 11 కలుపుతాను. మొత్తం 53 దాటేలా ఉంటే ఆ పనిని రాత్రి పదింటికి వాయిదా వేస్తాను.